మార్కులు 112, పర్సంటైల్ 93: రెండూ సరైనవే

ప్రశ్న: మాది నరసరావుపేట. మా బాబు జనవరిలో జేఈఈ మెయిన్ రాశాడు. ఫైనల్ కీ పెట్టి లెక్కేసుకుంటే 300కి 112 వచ్చాయి, అంటే 37 శాతం. స్కోర్ కార్డులో మాత్రం టోటల్ 93.0 అని ఉంది. ఫిజిక్స్ 89.4, కెమిస్ట్రీ 90.6, మ్యాథ్స్ 91.2 అయితే టోటల్ 93 ఎలా అవుతుంది? వాడి స్నేహితుడికి 104 మార్కులేనట, కానీ 93.8 ఇచ్చారు. ఇంటర్ ఫస్టియర్‌లో మావాడికి 96 శాతం ఉంది. వీటిలో ఏ అంకెను లెక్కలోకి తీసుకోవాలి? ఎక్కడైనా తప్పు పడిందా? ఏప్రిల్‌లో మళ్లీ రాయించమంటారా?

జవాబు:

అమ్మా, మీరు రాసిన అంకెలన్నీ ఒకదానితో ఒకటి పొసిగేవే. స్కోర్ కార్డులో తప్పు పడిందనడానికి వీటిలో ఏ ఆధారమూ లేదు. ఏప్రిల్‌లో తప్పకుండా రాయించండి. ఎందుకో చివర్లో చెబుతాను, ముందు ఆ 93 ఎలా పుట్టిందో చూద్దాం.

శాతం లెక్కలో పక్కవాళ్ల ప్రస్తావనే ఉండదు. 300కి 112 వస్తే 37.33 శాతం. హాల్లో మీ బాబు ఒక్కడే కూర్చుని రాసినా అంతే, పది లక్షల మంది రాసినా అంతే. పర్సంటైల్‌లో పేపరు ఎన్ని మార్కులకన్నది అసలు లెక్కలోకే రాదు. మీ బాబు రాసిన షిఫ్టులో ఎంతమంది రాశారు, వాళ్లలో ఎంతమందికి మీ బాబుతో సమానంగా గానీ అంతకంటే తక్కువగా గానీ మార్కులు వచ్చాయి, ఇవి రెండే కావాలి. రెండోదాన్ని మొదటిదానితో భాగించి 100తో గుణిస్తే వచ్చేదే పర్సంటైల్. పరీక్ష నిర్వహించే ఎన్‌టీఏ 2019 నుంచి జేఈఈ మెయిన్‌కు వాడుతున్న పద్ధతి ఇదే. స్కోర్ కార్డులో ‘ఎన్‌టీఏ స్కోర్’ అని కనిపించేది ఈ పర్సంటైలే. అసలు మార్కులు అందులో ఉండవు. అందుకే చాలా ఇళ్లలో ఆ 93ని చూసి నూటికి 93 మార్కులనుకుంటారు.

అంకెలు పెట్టి చూద్దాం. 2025 జనవరిలో 12.58 లక్షల మంది ఇంజినీరింగ్ పేపరు రాశారు. అయిదు రోజులు, రోజుకు రెండు చొప్పున పది షిఫ్టులు. అంటే షిఫ్టుకు సగటున లక్షా పాతిక వేల మంది. మీ బాబు షిఫ్టులో 1,20,000 మంది ఉన్నారనుకోండి. వాళ్లలో 112 గానీ, అంతకంటే తక్కువ గానీ వచ్చినవాళ్లు మీ బాబుతో కలిపి 1,11,600 మంది అనుకుంటే, భాగహారం చేస్తే కచ్చితంగా 93 వస్తుంది. అంటే ఆ షిఫ్టులో మీ బాబు కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాళ్లు 8,400 మంది. ఈ షిఫ్టు సంఖ్యలు నేను ఉదాహరణకు వేసుకున్నవి, లెక్క పద్ధతి మాత్రం అసలుదే.

ఇప్పుడు స్నేహితుడి సంగతి. అతను వేరే రోజు, వేరే పేపరు రాశాడు. ఆ షిఫ్టులో 1,25,000 మంది ఉన్నారనుకుందాం. పేపరు కాస్త కఠినంగా వచ్చింది, అందరి మార్కులూ తగ్గాయి. 104 గానీ, అంతకంటే తక్కువ గానీ వచ్చినవాళ్లు 1,17,250 మంది అయ్యారు. భాగిస్తే 93.8. మార్కులు ఎనిమిది తక్కువైనా, తనతో పాటు ఆ పేపరే రాసినవాళ్లలో అతను ఇంకాస్త ముందున్నాడు. మీ బాబుకు అన్యాయమేమీ జరగలేదు. అసలు అన్యాయం జరిగేది ఈ రెండు మార్కులను నేరుగా పోల్చినప్పుడే. అప్పుడు కఠినమైన పేపరు పడ్డ పిల్లలు, తాము చేయని తప్పుకు వెనకబడేవాళ్లు.

అయితే ఈ పద్ధతి ఒక నమ్మకం మీద నిలబడి ఉంది. ఏ షిఫ్టు చూసినా అందులోని పిల్లల స్థాయి మొత్తమ్మీద ఒకేలా ఉంటుందన్నదే ఆ నమ్మకం. పిల్లలను షిఫ్టులకు ఎంపికేమీ లేకుండా సర్దుతారు కాబట్టి, లక్ష మందికి పైగా ఉన్నచోట ఇది చాలావరకు నిలబడుతుంది. షిఫ్టులో కొద్దిమందే ఉంటే మాత్రం లెక్క గతి తప్పుతుంది. రెండు వందల మందే రాసిన షిఫ్టులో పదిమంది గట్టి పిల్లలు ఎక్కువగా పడితే, మిగతావాళ్లలో చాలామందికి అయిదు పర్సంటైల్ దాకా కోత పడుతుంది. కాలేజీలో పెట్టే గ్రాండ్ టెస్టు పర్సంటైల్ చూసి మెయిన్ పర్సంటైల్‌ను ఊహించవద్దని నేను తల్లిదండ్రులతో గట్టిగా చెప్పేది ఇందుకే. అక్కడ పోలిక ఆ క్యాంపస్ పిల్లలతో, ఇక్కడ దేశం మొత్తంతో.

సబ్జెక్టుల ప్రశ్న చాలా మంచిది. 89.4, 90.6, 91.2 సగటు 90.4 అవుతుంది, టోటల్ మాత్రం 93. టోటల్ పర్సంటైల్ అనేది ఆ మూడింటి సగటు కాదు. మూడు సబ్జెక్టుల మార్కులు కలిపి, ఆ 112ను అందరి మొత్తం మార్కులతో విడిగా పోల్చి తీస్తారు. తేడా ఎలా వస్తుందో తెలియాలంటే అయిదుగురినే ఊహించుకోండి. మీ బాబుకు మూడింటిలోనూ 60 చొప్పున 180. రెండోవాడికి మ్యాథ్స్‌లో 90, ఫిజిక్స్‌లో 40, కెమిస్ట్రీలో 30, మొత్తం 160. మూడోవాడికి ఫిజిక్స్‌లో 90, మిగతా రెండింటిలో 40, 30, అతనికీ 160. నాలుగోవాడు కెమిస్ట్రీలో 90 తెచ్చుకుని మిగతావాటిలో 40, 30తో ఆగాడు, అతనిదీ 160. అయిదోవాడికి అన్నిట్లో 20 చొప్పున 60. ఏ సబ్జెక్టు తీసుకున్నా మీ బాబు కంటే ముందు ఒక్కడు ఉన్నాడు, కాబట్టి అయిదుగురిలో నలుగురు, అంటే ప్రతి సబ్జెక్టులోనూ 80 పర్సంటైల్. మొత్తం మార్కుల్లో మాత్రం అతని ముందు ఎవరూ లేరు, కాబట్టి 100. మ్యాథ్స్‌లో దాటిపోయినవాడు ఫిజిక్స్‌లో వెనకబడ్డాడు, ఫిజిక్స్‌లో దాటిపోయినవాడు కెమిస్ట్రీలో. మూడింటిలోనూ ఒకే తీరుగా చేసే పిల్లలకు టోటల్ పర్సంటైల్ విడివిడి పర్సంటైల్స్ కంటే పైనే ఉండటం ఎక్కువగా చూస్తాం. మీ బాబు స్కోర్ కార్డు సరిగ్గా ఆ రకం. అది మంచి లక్షణమే.

ఈ లెక్కలోనే ఇంకొకటి తెలుస్తుంది. షిఫ్టులో అందరికంటే ఎక్కువ వచ్చినవారికి 100 పర్సంటైల్ పడుతుంది, వారికి 300కి 300 రావాలని లేదు. షిఫ్టులు చాలా ఉంటాయి, ఒక్కోసారి ఒకే షిఫ్టులో ఇద్దరు ముగ్గురికి సమానంగా మొదటి మార్కు వస్తుంది. 2024లో దేశం మొత్తమ్మీద 56 మందికి 100 పర్సంటైల్ వచ్చింది, వాళ్లలో 15 మంది తెలంగాణ పిల్లలే. ప్రకటనల్లో వాళ్ల ఫొటోల కింద ‘100’ చూసి ఒక్క తప్పూ లేకుండా రాశారనుకోవద్దు.

మార్కులు, పర్సంటైల్ ఒకే వేగంతో ఎందుకు పెరగవన్నది చాలామందికి అంతుపట్టదు. దీనికి నీట్ అంకెలు బాగా పనికొస్తాయి, ఎందుకంటే అక్కడ అర్హత పర్సంటైల్‌కు ఎదురుగా మార్కులు కూడా అధికారికంగా ఇస్తారు. 2025 నీట్ యూజీ 720 మార్కులకు జరిగింది. దాదాపు 22 లక్షల మంది రాశారు. జనరల్ కేటగిరీకి అర్హత 50 పర్సంటైల్, దానికి తగిన మార్కులు 144. అంటే 20 శాతం మార్కులు తెచ్చుకున్న విద్యార్థి సరిగ్గా సగంమందిని దాటేశాడు. ఆ ఏడాది అత్యధిక మార్కు 686. పదకొండు లక్షల మంది 144 లోపు ఇరుక్కుపోయి ఉన్నారు, మిగతా పదకొండు లక్షల మంది 144 నుంచి 686 దాకా పరుచుకున్నారు. జనం కిక్కిరిసిన చోట నాలుగు మార్కులు ఎక్కువ వస్తే వేలమందిని దాటేస్తారు, పర్సంటైల్ చటుక్కున పెరుగుతుంది. పైకి వెళ్లేకొద్దీ మనుషులు పలచబడతారు, అక్కడ ఇరవై మార్కులు పెరిగినా పర్సంటైల్‌లో దశాంశాలే కదులుతాయి. మెయిన్‌లో 300కి 37 శాతం మార్కులు తెచ్చుకున్నవాడు నూటికి 93 మందితో సమానంగానో, వాళ్లకంటే పైనో ఉండటం వెనక ఉన్నదీ ఇదే. ప్రశ్నలు కఠినం, సమయం మూడు గంటలే, తప్పుకు ఒక మార్కు కోత. అందుకే ఎక్కువమంది మార్కులు కిందనే ఆగిపోతాయి.

ఇందువల్లే, ‘ఇన్ని మార్కులకు ఇంత పర్సంటైల్’ అంటూ ఫోన్లలో తిరిగే పట్టికలను నేను పెద్దగా పట్టించుకోను. ఒక పట్టిక ఒక షిఫ్టుకే సరిపోతుంది. పక్క షిఫ్టుకే పనికిరానిది, వచ్చే ఏడాదికి ఎలా పనికొస్తుంది?

సరే, 93తో ఏం చేయాలి? దాన్ని ర్యాంకులోకి మార్చుకోండి. 100లోంచి పర్సంటైల్ తీసేసి, మిగిలినదాన్ని రాసినవాళ్ల సంఖ్యతో గుణించి, 100తో భాగించాలి. 2025 జనవరి సంఖ్యలే తీసుకుంటే 12.58 లక్షల్లో 7 శాతం, అంటే 88 వేల మంది మీ బాబు కంటే ముందున్నట్టు. కానీ జనవరి తర్వాత ఎన్‌టీఏ ర్యాంకు ఇవ్వదు. ఏప్రిల్ కూడా అయ్యాక, రెండుసార్లూ రాసినవాళ్లకు రెండింటిలో మెరుగైన స్కోర్ తీసుకుని, ఒక్కసారే రాసినవాళ్లను కూడా కలిపి, అప్పుడు ర్యాంకులు వేస్తుంది. 2025లో అలా కలిపితే మొత్తం 14.75 లక్షల మంది అయ్యారు. అందులో 7 శాతమంటే లక్షా మూడు వేలకు పైగా. జనవరిలో వచ్చిన 93 అలాగే ఉంటుంది, ర్యాంకు మాత్రం వెనక్కి జరుగుతుంది. ఏప్రిల్‌లో కొత్తగా వచ్చేవాళ్లుంటారు, జనవరిలో 90లో ఉండి ఏప్రిల్‌లో 95కు ఎగబాకేవాళ్లుంటారు. ఈ లెక్క ఉజ్జాయింపే కానీ, కౌన్సెలింగ్ గురించి ఆలోచించడానికి సరిపోతుంది.

అదే ర్యాంకు లెక్కలో చూస్తే పర్సంటైల్‌లో ఒక్కో అంకె విలువ కూడా తెలుస్తుంది. 93కూ 94కూ మధ్య దాదాపు 14,750 మంది ఉన్నారు. 99కీ 99.9కీ మధ్య 13 వేల మందికి పైగా. చూడటానికి రెండోది ఒక్క అంకెకంటే తక్కువ, నిజానికి ఇంచుమించు అంతే జనం. దశాంశం తర్వాత ఏడు స్థానాల దాకా లెక్కగట్టడం కూడా అందుకే. 1,20,000 మంది షిఫ్టులో ఒక్క మనిషి తేడా వస్తే పర్సంటైల్ మారేది మూడు సున్నాల తర్వాత, 0.0008 దగ్గర.

జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు మెయిన్ నుంచి సుమారు రెండున్నర లక్షల మందిని పంపుతారు. 2025లో జనరల్ కటాఫ్ 93.1023262. మీ బాబు 93.0 దాన్ని ఆనుకునే ఉంది, ఆ ఏడాది లెక్కన తప్పిపోయింది 0.1 దగ్గర, మనుషుల్లో చెప్పాలంటే పదిహేను వందల మంది. ఓబీసీ నాన్ క్రీమీలేయర్‌కు అదే ఏడాది కటాఫ్ 79.43, ఈడబ్ల్యూఎస్‌కు 80.38. మీరు ఏ కేటగిరీలోకి వస్తారో రాయలేదు. రిజర్వేషన్‌కు అర్హత ఉంటే సర్టిఫికెట్ ఇప్పుడే సిద్ధం చేసుకోండి, ఎందుకంటే ఇక్కడ తేడా పదమూడు పర్సంటైల్‌కు అటూ ఇటుగా ఉంది. ‘నాలుగేళ్ల కిందట 88కే వచ్చేది, ఇప్పుడు 93 కావాలట, పోటీ పెరిగి పిల్లలు నలిగిపోతున్నారు’ అన్న మాట మీ చెవిన పడే ఉంటుంది. 2021లో జనరల్ కటాఫ్ 87.9 ఉన్న మాట నిజం. కానీ ఆ ఏడాది రాసింది 9.39 లక్షల మంది. లక్షో ర్యాంకు అప్పుడు 89.3 దగ్గర ఉండేది, 14.75 లక్షల మంది రాసినప్పుడు అదే లక్షో ర్యాంకు 93.2 దగ్గరకు వెళ్తుంది. పంపే సంఖ్య అంతే ఉండి రాసేవాళ్లు పెరిగితే కటాఫ్ పైకి జరగాల్సిందే. అందుకని వేరే ఏడాది పర్సంటైల్‌తో పోల్చుకోకండి, ర్యాంకుతో పోల్చుకోండి.

ఇక ఇంటర్ 96 శాతం. దాన్ని 93 పక్కన పెట్టి కొలవడానికి వీల్లేదు, కానీ దాని పని దానికి ఉంది. ఎన్‌ఐటీల్లో, ట్రిపుల్ ఐటీల్లో మెయిన్ ర్యాంకుతో సీటు కావాలంటే పన్నెండో తరగతిలో, అంటే మనకు ఇంటర్‌లో, 75 శాతం ఉండాలి, ఎస్సీ ఎస్టీలకు 65. లేదంటే సొంత బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉన్నా చాలు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. టాప్ 20 పర్సంటైల్ అంటే బోర్డులో పాసైనవాళ్లను వరసగా నిలబెడితే పైనుంచి అయిదో వంతులో, అంటే 80 పర్సంటైల్‌కు పైన ఉండటం. మెయిన్‌లో 20 పర్సంటైల్ తెచ్చుకోవడం కాదు. రెండింటిలో ఏదో ఒకటి ఉంటే చాలు కాబట్టి, సెకండియర్ కూడా ఇలాగే రాస్తే మీ బాబుకు ఈ దిగులు ఉండదు. ఏపీ ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది, అక్కడ ఈ మార్కులు నేరుగా సాయపడతాయి. తెలంగాణలో ఆ వెయిటేజీ తీసేశారు, సెట్ మార్కులే లెక్క. అప్లికేషన్లు నింపేటప్పుడు ఒక్కటి చూసుకోండి: ఇంటర్ గడిలో మెమోలోని మార్కుల శాతమే వేయాలి, జేఈఈ గడిలో ఏడు దశాంశాలతో సహా స్కోర్ కార్డులో ఉన్నదే వేయాలి. 112ను శాతంగా మార్చి అక్కడ 37 అని వేస్తే, సర్టిఫికెట్ల పరిశీలనలో చిక్కు తప్పదు.

స్కోర్ మీద ఇంకా అనుమానం ఉంటే, మీరు చేయగలిగిన తనిఖీ ఒకటుంది. ఎన్‌టీఏ వెబ్‌సైట్‌లో మీ బాబు రెస్పాన్స్ షీటూ, ఫైనల్ కీ దింపుకొని మళ్లీ లెక్కించండి. ముందు వచ్చే ప్రొవిజనల్ కీతో గానీ, కోచింగ్ సెంటర్ల కీతో గానీ లెక్కిస్తే తేడా వస్తుంది, ఎందుకంటే అభ్యంతరాల తర్వాత కొన్ని జవాబులు మారతాయి, కొన్ని ప్రశ్నలు తీసేస్తారు. రీవాల్యుయేషన్ అన్నది ఇందులో లేదు.

ఆ రెస్పాన్స్ షీటు ఏప్రిల్‌కు కూడా పనికొస్తుంది. రెండింటిలో మెరుగైనదే తీసుకుంటారు కాబట్టి, ఏప్రిల్‌లో తగ్గినా ఈ 93 పోదు. పోయేది ఫీజు, కొన్ని రోజుల సమయం. ‘95 తేవాలి’ అని బాబుకు లక్ష్యం పెట్టకండి. ఆ అంకె పక్కవాళ్ల చేతిలో కూడా ఉంది. అతని చేతిలో ఉన్నవి మార్కులు. 112 వచ్చే దారులు చాలా ఉన్నాయి. 75 ప్రశ్నల్లో 35 సరైనవి, 28 తప్పులు, 12 వదిలేసినవి అయితే, 140లోంచి 28 పోయి 112. సరైనవి 30, తప్పులు ఎనిమిదే, వదిలేసినవి 37 అయినా 120లోంచి 8 పోయి అదే 112. మొదటి రకమైతే ఆ 28 తప్పుల్లో సగం ముట్టుకోకుండా వదిలేసినా 14 మార్కులు పెరిగి 126 అవుతాయి, కొత్తగా ఒక్క చాప్టరు చదవకుండానే. రెండో రకమైతే వేగం చాలలేదో, సిలబస్ మిగిలిపోయిందో, వదిలేసిన 37 ప్రశ్నలు ఏ చాప్టర్లవో రాసుకుంటే తెలిసిపోతుంది. ముందు మీ బాబుది ఏ రకమో చూడండి.